కిలో ధర, తిన్న ధర

పై చదువులకు విదేశం వెళ్లిన మన పిల్లలు మొదట్లో ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చుకుంటారు. జర్మనీలోనైతే యూరోను ఇంచుమించు వందతో హెచ్చవేసి, చేతిలోకి తీసుకున్న కూరగాయలు తిరిగి అక్కడే పెట్టేస్తారు. ఈ లెక్క భయపెడుతుందే తప్ప ఏ కొట్లో ఏది చవకో చెప్పదు. తక్కువ డబ్బుతో నెల గడవాలంటే కావలసింది సరైన పోలిక. అది ఎలా అలవడుతుందో చెప్పే చిన్న కథ ఇది.

కావ్య మాగ్డెబర్గ్‌లో ఎమ్మెస్ చదువుతోంది. బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు 992 యూరోలు వస్తాయి. అద్దె, ఆరోగ్య బీమా, ఇతర ఖర్చులు పోగా తిండికి వారానికి 35 యూరోలు పెట్టుకుంది. కొన్ని వారాలపాటు డబ్బు శుక్రవారానికే అయిపోయేది.

ఒకరోజు ఆమెతో పాటు సరుకులకు వచ్చిన సీనియర్, "పెద్దంకెలు చూడకు. వాటి కింద చిన్నగా ఉంది చూడు, అది చదువు" అంది. అక్కడ ప్యాకెట్ సరుకుల్లో చాలావాటికి కిలోకు లేదా లీటరుకు ఎంత పడుతుందో కూడా ధర చీటీ మీద చూపించాలని చట్టం ఉంది. దాన్ని గ్రుండ్‌ప్రైస్ అంటారు. 400 గ్రాముల ప్యాకెట్టునూ 750 గ్రాముల ప్యాకెట్టునూ ఒకే కొలతకు తెచ్చేది అదే.

ఆ రోజు నుంచి కావ్య ఫోన్లో ఒక పట్టిక రాసుకోవడం మొదలుపెట్టింది. దుకాణంలో ఉన్నవన్నీ కాదు, తను వారం వారం కొనే పన్నెండు సరుకులే. పాలు, గుడ్లు, ఉల్లిపాయలు ఆల్డీ, లిడిల్ వంటి డిస్కౌంట్ దుకాణాల్లో. కొత్తిమీర, వంకాయలు, పెరుగు టర్కీ వాళ్ల కొట్టులో. కందిపప్పు ఇండియన్ స్టోర్‌లో. ప్రతిదానికీ కిలో ధర ఒక్కటే రాసింది.

కందిపప్పు సంగతి తేలిగ్గా తేలింది. అర కిలో ప్యాకెట్ 2 యూరోల 29 సెంట్లు, అంటే కిలో 4 యూరోల 58 సెంట్లు. రెండు కిలోల సంచి 7 యూరోలు, అంటే కిలో మూడున్నర. పప్పు నెలల తరబడి నిలవ ఉంటుంది కాబట్టి సంచే తీసుకుంది. 2 యూరోల 16 సెంట్లు మిగిలాయి.

అదే ఉత్సాహంతో పెరుగు దగ్గర దెబ్బతింది. డిస్కౌంట్ దుకాణంలో అర కిలో డబ్బా 1 యూరో 9 సెంట్లు. కిలోకు 2 యూరోల 18 సెంట్లు పడుతుంది. టర్కీ కొట్టులో రెండున్నర కిలోల బకెట్ 4 యూరోల 75 సెంట్లు. కిలో 1 యూరో 90 సెంట్లే. బకెట్ తెచ్చుకుంది. ఒక్కతే తినేసరికి అడుగున అర కిలో మిగిలి బూజు పట్టింది. తిన్నది రెండు కిలోలే కాబట్టి అసలు పడిన ధర కిలోకు 2 యూరోల 37 సెంట్లు దాటింది. చిన్న డబ్బాలే చవకన్నమాట! తర్వాత నుంచి బకెట్ కొంటే రూమ్మేట్‌తో సగం సగం పంచుకుంటోంది. ఆమె ఊళ్లో లేని వారం చిన్న డబ్బా తెచ్చుకుంటోంది.

కావ్య నేర్చుకున్న అసలు పాఠం ఇక్కడే ఉంది. చీటీ మీది ధర కంటే కిలో ధర నిజం. కిలో ధర కంటే కడుపులోకి వెళ్లినదానికి పడిన ధర నిజం. అందుకే పాడవని సరుకు పెద్దది కొనాలి. పాడయ్యేది, పారేయకుండా తినగలిగినంతే కొనాలి. ఏ వారం ఏం పారేశామో పట్టికలో రాసుకుంటే మన లెక్క ఎక్కడ తప్పుతోందో నెలలోనే తెలిసిపోతుంది.

పోలికకు హద్దు కూడా ఉండాలి. నలభై సెంట్ల కోసం మూడు దుకాణాలు తిరిగితే సాయంత్రం చదువు పోతుంది. సెమెస్టర్ టికెట్ లేనివాళ్లకు ట్రామ్ ఛార్జీ ఆ మిగులునంతా మింగేస్తుంది. కావ్య ఇండియన్ స్టోర్‌కు నెలకొకసారే వెళుతుంది. మిగతా సరుకులు శనివారం పొద్దునే, దారిలో ఉన్న రెండు కొట్లలో తెచ్చుకుంటుంది. జర్మనీలో ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు. శనివారం మరిచిపోతే రైల్వే స్టేషన్ దుకాణమే గతి, అక్కడ అన్నీ ప్రియమే.

పట్టిక ఒకసారి తయారయ్యాక రోజూ చూడనక్కర్లేదు. రెండు మూడు నెలలకోసారి ధరలు సరిచూసుకుంటే సరిపోతుంది. విదేశంలో ఉన్న పిల్లలకు నేను చెప్పేది ఇదే. ఈ శనివారం మీరు ఎక్కువగా కొనే పన్నెండు సరుకులు రాయండి, కిలో ధర పక్కన పారేసిందెంతో కూడా రాయండి. రూపాయల లెక్క మానేయండి. కూరగాయలు, పాలు, గుడ్లు మాత్రం మానకండి.