మిక్సీలో పిండి, చట్నీ: మోటార్ వేడెక్కకుండా, బరక లేకుండా రుబ్బడం ఎలా?

ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది. మామూలు మిక్సీకి ఆ తెలివి లేదు. పైగా మోటార్‌ని చల్లబరిచే ఫ్యాన్ కూడా అదే షాఫ్ట్ మీద ఉంటుంది. పిండి గట్టిగా ఉండి బ్లేడ్ నెమ్మదిస్తే ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది, మోటార్ మాత్రం ఎక్కువ కరెంటు లాగుతుంది. వేడి పెరిగేది అక్కడే. ఎండాకాలం మా చిల్లకూరులో వంటగదే కాలిపోతుంటుంది కాబట్టి, ఫ్యాన్ లాక్కునే గాలి కూడా వేడిదే.

అందుకే నేను టైమ్ కంటే ముందు సౌండ్ గమనిస్తాను. సౌండ్ బరువెక్కి మూలుగుతున్నట్టు వస్తే లోడ్ ఎక్కువైనట్టు. వెంటనే ఆపి కొంచెం పిండి తీసేయాలి, లేదా నీళ్లు పోయాలి. సౌండ్ ఉన్నట్టుండి సన్నగా, కీచుగా మారి లోపల ఏమీ కదలకపోతే, బ్లేడ్ చుట్టూ గాలి చేరి పిండి గోడలకు అంటుకుపోయిందని అర్థం. అప్పుడు స్పీడ్ పెంచితే లాభం లేదు. ఆపి, గరిటెతో కిందికి తోసి, రెండు చెంచాల నీళ్లు చిలకరించాలి.

దోసెల పిండే తీసుకుందాం. మా 750 వాట్ల మిక్సీకి నా లెక్క ఇది: ఒక గ్లాసు మినప్పప్పు, మూడు గ్లాసుల బియ్యం, విడివిడిగా నాలుగు గంటలు నానాలి. పప్పుని పెద్ద జార్‌లో రెండు వాయిలుగా వేస్తాను, జార్ సగం దాటనివ్వను. మొదట పావు గ్లాసు ఫ్రిజ్ నీళ్లు, ఒకటో స్పీడ్‌లో 20 సెకన్లు. తర్వాత రెండో స్పీడ్‌లో నిమిషం తిప్పి ఆపి, అంచులు తోసి, నీళ్లు కొంచెం కొంచెంగా కలుపుతూ మళ్లీ తిప్పుతాను. చల్లటి నీళ్లు ఎందుకంటే, రాపిడికి పిండి కూడా వేడెక్కుతుంది. బియ్యం మూడు వాయిలు. వేళ్ల మధ్య రాస్తే సన్న ఇసుకలా తగిలితే దోసెకు చాలు.

మిక్సీ కింద ప్లేట్ మీదో, మాన్యువల్‌లోనో రేటింగ్ చూడండి. 30 నిమిషాలు అని ఉన్నా ఆపకుండా తిప్పమని కాదు. చాలా మోడల్స్‌కి 5 నిమిషాలు ఆన్, 2 నిమిషాలు ఆఫ్ అన్న లెక్క ఉంటుంది. వాయికీ వాయికీ మధ్య జార్ ఖాళీ చేసే టైమ్‌లో ఆ విరామం దొరికిపోతుంది.

వేరుశెనక్కాయల చట్నీకి పద్ధతి వేరు. ముందే నీళ్లు పోస్తే గింజలు తేలుతూ బ్లేడ్‌ని తప్పించుకుంటాయి, బరక మిగిలేది అందుకే. వేయించినవి పూర్తిగా చల్లారాక చిన్న జార్‌లో మిరపకాయలు, ఉప్పుతో పొడిగా నాలుగైదు పల్స్‌లు ఇచ్చి, ఆ తర్వాతే చింతపండు, నీళ్లు. బ్లేడ్ మునిగేంత సరుకు లేకపోతే ఎంత తిప్పినా మెత్తబడదు.

మధ్యలో మిక్సీ ఆగిపోతే కంగారు పడొద్దు. స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, జార్‌లో లోడ్ తగ్గించండి. మోటార్ చల్లారాక అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కండి. బటన్ నొక్కిన వెంటనే మళ్లీ పడిపోతున్నా, కాలిన వాసన వస్తున్నా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.