బాకీ బిల్లుకు మూడు ఉత్తరాలు

ప్రశ్న: విజయవాడలో అట్టపెట్టెలు తయారుచేస్తాను. 30 రోజుల గడువుతో ఒక కంపెనీకి 1,80,000 రూపాయల సరుకు ఇచ్చాను. గడువు దాటి వారమైంది. పాత ఖాతాదారు. తగవు పడకుండా ఎలా అడగాలి?

జవాబు: మొదటి మెయిల్ ఇవాళే అకౌంట్స్ విభాగానికి పంపండి. బిల్లు నంబరు, తేదీ, మొత్తం రాసి, బిల్లు కాపీ మళ్లీ జతచేసి, "ఏ తేదీకి చెల్లిస్తారో తెలపండి" అని అడగండి. బిల్లు మీద ఆర్డరు నంబరు లేకపోవడం వంటి చిన్న కారణంతోనే డబ్బు ఆగి ఉండొచ్చు. అదైతే ఇక్కడే బయటపడుతుంది.

పది రోజుల్లో జవాబు రాకపోతే ఫోన్ చేయండి. మాట్లాడింది అదే రోజు మెయిల్‌లో రాసి, కొనుగోలు మేనేజరుకూ కాపీ పెట్టండి. "ఈ బాకీ తీరేదాకా అప్పు మీద కొత్త సరుకు పంపలేం" అనండి. అన్నాక పంపకండి. చాలామంది ఇక్కడే మెత్తబడి, రెండో బిల్లునూ ఇరికించుకుంటారు.

మరో వారానికీ కదలిక లేకపోతే మూడోది, యజమాని పేరిట స్పీడ్ పోస్టులో. సరఫరాకు ముందే సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా మీకు ఉద్యమ్ నమోదు ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం గడువు దాటిన నాటి నుంచి రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ వస్తుంది. ఆ లెక్క చూపించి, ఏడు రోజుల్లో చెల్లించకుంటే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళతామని రాయండి. నమోదు లేకపోతే ఈ వాక్యం రాయకండి. లాయరు నోటీసే మీ దారి.