ముందు పాలు, తర్వాతే సిగరెట్

సిగరెట్ మానలేకపోతున్నావు, పాపాయికి పాలివ్వాలంటే భయంగా ఉంది. పైగా ఈ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేవు, అంతేగా? రా, కూర్చో. మనం తాగేది సిగరెట్టే కావచ్చు, ఉత్తరాంధ్ర పల్లెల్లో మన పెద్దమ్మలు కాల్చే అడ్డపొగ చుట్టే కావచ్చు, దిగులు మాత్రం ఒక్కటే. ముందు ఒక మాట గట్టిగా చెప్పనీ: ఈ భయంతో పాలు మాన్పించి డబ్బా పాలకు వెళ్లిపోకు. పొగ వల్ల బిడ్డకు దగ్గు, ఆయాసం, చెవి నొప్పుల్లాంటివి ఎక్కువగా వస్తాయి. వాటి నుంచి కాస్తయినా కాపాడేవి నీ పాలే. పొగా ఉండి, పాలూ లేకపోతే బిడ్డకు రెండు వైపులా నష్టమే కదా?

అలాగని నికోటిన్ పాలలోకి రాదని కాదు, వస్తుంది. రక్తంలో ఉన్నదానికంటే పాలలోనే ఎక్కువగా చేరుతుంది కూడా. రక్తం కంటే పాలకు ఆమ్లగుణం కాస్త ఎక్కువ, నికోటిన్‌ది క్షారగుణం. అందుకే పాలలోకి వచ్చిన నికోటిన్ కాసేపు అక్కడే చిక్కుకుంటుంది. అయితే అది అక్కడే ఉండిపోదు. రక్తంలో తగ్గేకొద్దీ పాలలోంచి వెనక్కి వెళ్లిపోతుంది. దాదాపు గంటన్నరకు సగమవుతుంది, ఇంకో గంటన్నరకు అందులో సగం. అందుకే సిగరెట్ తాగాక పాలు పిండి పారబోయక్కర్లేదు. పారబోసినంత మాత్రాన నికోటిన్ త్వరగా పోదు, గడియారం తిరగాల్సిందే.

మరి ఆ గడియారాన్ని మనవైపు తిప్పుకోవడం ఎలా? పొద్దున ఆరింటికి పాపాయికి పాలిచ్చావనుకో. ఆరున్నరకు పాప నిద్రపోయింది. తాగక తప్పదంటే అప్పుడు తాగు. ఏడింటి ప్రాంతంలో పాలలో నికోటిన్ బాగా ఎక్కువగా ఉంటుంది, ఎనిమిదిన్నరకు సగానికి దిగుతుంది. మళ్లీ పాలకు పాప లేచేదీ దాదాపు అప్పుడే. అదే సిగరెట్ ఎనిమిదింటికి తాగి ఎనిమిదిన్నరకు పాలిస్తే, ఎక్కువ మోతాదు ఉన్న సమయంలోనే ఇచ్చినట్టు. ఒక్క సిగరెట్టే, వేళ మారింది, అంతే! ఏడున్నరకు ఇంకోటి వెలిగించావో, పాతది తగ్గకముందే కొత్తది చేరుతుంది. కాబట్టి ఒకసారి పాలిచ్చాక ఒకటే. పాప ఎక్కువసేపు నిద్రపోయే వేళ ఏదో నీకు తెలుసు కదా, ఆ నిద్ర మొదట్లో తాగితే ఇంకా ఎక్కువ వ్యవధి దొరుకుతుంది.

మరి పాప అనుకున్నదానికంటే ముందే ఏడిస్తే? ఆకలితో ఏడిపించకు, ఇచ్చెయ్. ఆ కంగారు వద్దనుకుంటే సిగరెట్‌కు ముందే కొన్ని పాలు పిండి శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి ఉంచు. మన ఎండల్లో బయట మూడు గంటలకు మించి ఉంచకు, ఫ్రిజ్‌లో పెడితే ఇంకా మంచిది.

పాల సంగతి ఇలా సర్దుకున్నాం, పొగ సంగతి? అది మరీ ప్రమాదం. కిటికీ తెరిచి గదిలో తాగితే చాలదు, ఇంటి బయటికి వెళ్లాల్సిందే. పైన ఒక పాత చొక్కా వేసుకుని, లోపలికి వచ్చే ముందు దాన్ని బయటే వదిలెయ్. చేతులు, ముఖం కడుక్కుని, నోరు పుక్కిలించాకే పాపను ఎత్తుకో. మీ ఆయనకూ ఇదే రూలు. రాత్రి మాత్రం పాపను పక్కలో పడుకోబెట్టుకోకు. పొగతాగే తల్లి పక్కన పడుకున్న పసిబిడ్డ నిద్రలోనే హఠాత్తుగా చనిపోయే ప్రమాదం పెరుగుతుంది. నీ గదిలోనే, వేరే గట్టి పరుపు మీద, వెల్లకిలా పడుకోబెట్టు.

వేళలు పాటించినా పూర్తిగా తప్పించుకోలేం, తల్లీ. పొగ మన పాలను తగ్గించగలదు, పాప నిద్రను ముక్కలు చేయగలదు. పాప అస్తమానం చిరాకుపడుతున్నా, రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోయకపోయినా, బరువు పెరగకపోయినా పిల్లల డాక్టర్‌కు చూపించు. సిగరెట్ సంగతి దాచకుండా చెప్పు. మానడానికి నికోటిన్ చూయింగ్ గమ్, ప్యాచ్ ఉన్నాయి. వాటి నుంచీ పాలలోకి కొంత నికోటిన్ వస్తుంది కానీ పొగా, అందులోని మిగతా విషాలూ ఉండవు. నీకు ఏది సరిపోతుందో డాక్టర్‌ను అడుగు, గమ్ అయితే పాలిచ్చాకే నమలాలి. గుట్కా, ఖైనీ పొగలేనివి కదా అని వాటి జోలికి పోకు, వాటిలోనూ నికోటిన్ దండిగా ఉంటుంది. 1800-11-2356కి ఫోన్ చేస్తే డబ్బులేమీ తీసుకోకుండా మానడానికి సాయం చేస్తారు.

అన్నీ ఒకేసారి మానలేవా? సరే, పాలిచ్చే ముందు వెలిగించే సిగరెట్‌ను ఈరోజే మానెయ్. పాపకు ఎక్కువ నికోటిన్ అందించేది అదే. అది లేకుండా నెగ్గుకురాగలవని తెలిశాక, తర్వాత దేన్ని మానాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.