జెనరేట్ చేసిన ప్రొడక్ట్ ఇమేజ్‌ని 24×36 అంగుళాల పోస్టర్ చేయడం ఎలా? చర్మం ప్లాస్టిక్‌లా, అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించకుండా!

గుంటూరులో మా బావకు మొబైల్ యాక్సెసరీస్ షాప్ ఉంది. కొత్తగా తెచ్చిన నైలాన్ స్ట్రాప్ స్మార్ట్‌వాచ్‌ల కోసం షాప్ ముందు పెట్టడానికి ఒక పోస్టర్ కావాలన్నాడు. నేను ఏఐ టూల్‌లో ఇమేజ్ జెనరేట్ చేసి, ఒక్క క్లిక్‌తో నాలుగు రెట్లు పెంచి ప్రింట్‌కి ఇచ్చేశాను. ఫోన్‌లో చూస్తే అదిరిపోయింది. పోస్టర్ విప్పగానే బావ అడిగిన మొదటి మాట, "ఏరా, ఈ చెయ్యి మనిషిదేనా, బట్టల షాప్ బొమ్మదా?" రెండో మాట ఇంకా గట్టిగా తగిలింది. "స్ట్రాప్ రబ్బర్‌లా ఉందిరా. ఇది చూసి లోపలికొచ్చినవాడికి నైలాన్ చేతిలో పెడితే ఏమనుకుంటాడు?"

ఆ పోస్టర్‌ని పక్కన పడేసి, అదే ఇమేజ్‌తో మళ్లీ చేశాను. ఈసారి చెయ్యి, స్ట్రాప్, అక్షరాలు మూడింటినీ మూడు రకాలుగా పెంచాను. అసలు కిటుకు అంతా అందులోనే ఉంది. ఆ పద్ధతినే ఇప్పుడు స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ముందు లెక్క: నిజంగా ఎన్ని పిక్సెల్స్ కావాలి?

నా ఇమేజ్ సైజ్ 1024×1536 పిక్సెల్స్. పోస్టర్ 24×36 అంగుళాలు. ప్రింట్ అనగానే అంగుళానికి 300 పిక్సెల్స్ ఉండాలని చాలామంది అంటారు. అది చేతిలో పట్టుకుని చదివే పుస్తకానికి సరిపోయే లెక్క. మామూలు చూపు ఉన్న కంటికి ఎంత వివరం కనిపిస్తుందో తెలియాలంటే 3438ని దూరంతో, అంటే అంగుళాల్లో ఉన్న దూరంతో భాగిస్తే చాలు. మీటర్ దూరం నుంచి, అంటే దాదాపు 39 అంగుళాల నుంచి చూస్తే అంగుళానికి 88 పిక్సెల్స్ దాటాక కంటికి పెద్దగా తేడా తెలియదు. ఎవరైనా దగ్గరికొచ్చి చూసినా ఇబ్బంది లేకుండా నేను 150 పెట్టుకున్నాను. అంటే ఫైనల్ ఫైల్ 3600×5400. ఇప్పుడున్న దానికి మూడున్నర రెట్లు.

అనవసరంగా ఎనిమిది రెట్లు, పదహారు రెట్లు పెంచకండి. పెంచేకొద్దీ అప్‌స్కేలర్ ఊహించి గీసేది ఎక్కువవుతుంది, ఇమేజ్‌లో నిజంగా ఉన్నది తక్కువవుతుంది.

ఇంకో జాగ్రత్త. జెనరేట్ చేసిన చోట నుంచే ఒరిజినల్ PNG డౌన్‌లోడ్ చేసుకోండి. మెసేజింగ్ యాప్‌లో ఫొటోగా పంపుకున్న కాపీ వాడితే, కంప్రెషన్ వల్ల వచ్చిన గళ్లు కూడా నాలుగు రెట్లు పెరుగుతాయి. గోరు దగ్గర వంకర, స్ట్రాప్ మీద అనవసరమైన కుట్టు లాంటి తప్పులు ఉంటే చిన్న ఇమేజ్‌లో ఉన్నప్పుడే సరిచేయండి. పెరిగాక అదే పని చాలా ఎక్కువసేపు పడుతుంది.

చర్మం ప్లాస్టిక్‌లా ఎందుకు మారుతుంది?

2021లో వచ్చిన Real-ESRGAN లాంటి మోడల్స్‌ని ఎలా ట్రైన్ చేశారో తెలిస్తే ఇది అర్థమవుతుంది. మంచి ఫొటోలను తీసుకుని, వాటికి కావాలనే బ్లర్, నాయిస్, జేపెగ్ మచ్చలు కలిపి పాడుచేస్తారు. పాడైన దాన్నుంచి మళ్లీ మంచిది తయారుచేయడం మోడల్‌కి నేర్పిస్తారు. దాంతో చిన్న చిన్న చుక్కలన్నీ తుడిచేయాల్సిన నాయిస్ అనే అలవాటు దానికి పడుతుంది. చర్మం మీద రంధ్రాలు, సన్నటి గీతలు కూడా దాని కంటికి నాయిస్‌లాగే ఉంటాయి. వాటిని నున్నగా తుడిచేసి, వేలి అంచుని మాత్రం కత్తితో కోసినట్టు పదును పెడుతుంది. లోపల నునుపు, అంచున పదును. ఈ రెండూ కలిస్తేనే మనకు బొమ్మ చెయ్యి కనిపిస్తుంది.

అందుకే ఒకే ఇమేజ్‌ని రెండు రకాలుగా పెంచాలి. ఒకటి ఏఐ మోడల్‌తో, ఇంకోటి ఏమీ ఊహించని మామూలు లాంజోస్ పద్ధతితో.

```
realesrgan-ncnn-vulkan -i watch.png -o sharp.png -n realesrgan-x4plus
magick watch.png -filter Lanczos -resize 400% soft.png
```

గ్రాఫిక్స్ మెమరీ సరిపోక మధ్యలో ఆగిపోతే మొదటి కమాండ్ చివర `-t 256` కలపండి. అప్పుడు ఇమేజ్‌ని చిన్న ముక్కలుగా చేసి పెంచుతుంది.

రెండు ఫైల్సూ 4096×6144 సైజ్‌లో వస్తాయి. GIMPలో soft.png కింద లేయర్‌గా, sharp.png పై లేయర్‌గా పెట్టి, పై లేయర్‌కి తెల్ల మాస్క్ కలపండి. చర్మం ఉన్న చోట మాస్క్ మీద మెత్తటి బ్రష్‌తో ముదురు బూడిద రంగు వేసి, పదునైన లేయర్ 35 శాతం దాకా మాత్రమే కనిపించేలా చేయండి. గోళ్లు, వాచ్ మెటల్ అంచు, గ్లాస్ మీద మెరుపు మాత్రం తెల్లగానే వదిలేయండి. అక్కడ పదును అందంగానే ఉంటుంది.

ఇప్పుడు చర్మం కాస్త మసకగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. దాన్ని చివర్లో గ్రెయిన్‌తో సరిచేస్తాం. అయితే ఒరిజినల్‌ని 100 శాతం జూమ్‌లో చూసినప్పుడే చెయ్యి మైనంలా ఉంటే ఏ అప్‌స్కేలరూ కాపాడలేదు. అప్పుడు ఇంకో ఇమేజ్ జెనరేట్ చేసుకోవడమే మేలు.

స్ట్రాప్ నేత: లేని పోగుని ఎవరూ తేలేరు

నా ఇమేజ్‌ని 800 శాతం జూమ్ చేసి, స్ట్రాప్‌లో ఒక పోగు నుంచి పక్క పోగుకి ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయో లెక్కపెట్టాను. రెండే! ఒక పిక్సెల్ వెలుగు, ఒక పిక్సెల్ నీడ. అంత తక్కువ సమాచారంలో నేత ఎటు తిరిగిందో మోడల్‌కి తెలిసే దారి లేదు. అది పోగుల్ని కలిపేసి నునుపు చేస్తుంది, లేదంటే పాములాంటి వంకర గీతలు తనే కల్పిస్తుంది. బావ చూసిన రబ్బర్ స్ట్రాప్ అలా వచ్చిందే. పోగుల మధ్య నాలుగైదు పిక్సెల్స్ కంటే తక్కువ ఉంటే ఈ ప్రమాదం ఉన్నట్టే.

దీనికి పరిష్కారం షాప్‌లోనే ఉంది. అసలు స్ట్రాప్‌ని ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీశాను. ఇమేజ్‌లో వెలుగు ఎడమ నుంచి పడుతోంది కాబట్టి, స్ట్రాప్‌ని కూడా కిటికీ ఎడమవైపు ఉండేలా పెట్టాను. పెంచిన ఇమేజ్‌లో స్ట్రాప్ వెడల్పు 600 పిక్సెల్స్. ఫోన్ ఫొటోలో అదే వెడల్పు 1500 పైనే వచ్చింది, అంటే కావలసినంత వివరం చేతిలో ఉంది.

ఆ ఫొటోని GIMPలో కొత్త లేయర్‌గా తెచ్చి, రంగు తీసేసి, Perspective టూల్‌తో స్ట్రాప్ ఆకారానికి సరిపెట్టండి. వెడల్పు ఈ చివర నుంచి ఆ చివరకు కచ్చితంగా కలవాలి. లేకపోతే పోగులు అసలుకన్నా లావుగానో సన్నగానో కనిపిస్తాయి. తర్వాత Filters > Enhance > High Pass వాడండి. లేయర్ మొత్తం బూడిద రంగులోకి మారి, పోగుల గీతలు మాత్రమే మిగులుతాయి. లేయర్ మోడ్ Grain merge పెడితే బూడిద రంగు మాయమై, నేత ఒక్కటే కింద లేయర్ మీద పడుతుంది. రంగు, నీడ, వంపు జెనరేట్ చేసిన ఇమేజ్‌వే ఉంటాయి. పోగులు మాత్రం కస్టమర్ చేతికి తగిలే స్ట్రాప్‌వి.

స్ట్రాప్ మణికట్టు చుట్టూ బాగా తిరిగిన చోట ఫ్లాట్ ఫొటో సరిగ్గా కూర్చోదు. ఆ అంచుల దగ్గర మాస్క్‌తో నేతను మెల్లగా తగ్గించేయండి. అక్కడ ఎలాగూ నీడే ఉంటుంది.

అక్షరాలు: పెంచొద్దు, చెరిపేసి మళ్లీ టైప్ చేయండి

డయల్ మీద టైమ్, పక్కన బాక్స్ మీద పేరు, కింద తెలుగు ఆఫర్ లైన్. వీటిలో ఏదీ అప్‌స్కేలర్‌కి వదిలేయకండి. మోడల్‌కి అక్షరం తెలియదు, గీత మాత్రమే తెలుసు. 8ని 6 చేసినా దానికి తప్పు చేశానని అనిపించదు. తెలుగులో అయితే ఇంకా కష్టం. ఒత్తులు, గుడులు చిన్నగా ఉంటాయి కాబట్టి ముందు అవే అలుక్కుపోతాయి. 'క్ష'కీ 'క్క'కీ తేడా నాలుగు పిక్సెల్స్‌లో ఉంటే అది పోయినట్టే.

పెంచడానికి ముందే చిన్న ఇమేజ్‌లో అక్షరాలన్నీ Clone టూల్‌తో చెరిపేసి ఖాళీగా ఉంచండి. ఇమేజ్ పని అంతా పూర్తయ్యాక Inkscapeలో 24×36 అంగుళాల పేజీ తెరిచి, ఇమేజ్‌ని అందులో పెట్టి, పైన అక్షరాలు టైప్ చేయండి. తెలుగుకి Ramabhadra, Mandali లాంటి ఉచిత ఫాంట్స్ ఉన్నాయి. టైప్ చేశాక Path > Object to Path కొట్టండి. అక్షరాలు ఆకారాలుగా మారిపోతాయి కాబట్టి ప్రింట్ చేసే చోట ఆ ఫాంట్ లేకపోయినా ఒత్తులు విడిపోవు. ఆ తర్వాత స్పెల్లింగ్ మార్చలేరు, అందుకే మార్చడానికి వీలున్న కాపీ ఒకటి విడిగా దాచుకోండి. చివరికి PDFగా సేవ్ చేస్తే అక్షరాల అంచులు ఏ సైజ్‌లోనైనా పదునుగా వస్తాయి.

చివర్లో గ్రెయిన్, తర్వాత ఏ4 టెస్ట్

అక్షరాలు పెట్టడానికి ముందే ఇమేజ్‌ని 3600×5400కి తగ్గించండి. గ్రెయిన్ ఆ తర్వాతే వేయాలి, ముందే వేస్తే సైజ్ తగ్గించినప్పుడు అది మెత్తబడిపోతుంది. 808080 రంగుతో కొత్త లేయర్ నింపి, Filters > Noise > RGB Noiseలో Independent RGB టిక్ తీసేసి, తక్కువ మోతాదులో నాయిస్ వేయండి. టిక్ ఉంచితే చర్మం మీద ఎరుపు, పచ్చ చుక్కలు వస్తాయి. దాన్ని అర పిక్సెల్ బ్లర్ చేసి, మోడ్ Grain merge పెట్టి, చర్మం మీద ఎక్కువగా, మిగతా చోట్ల తక్కువగా కనిపించేలా మాస్క్ చేయండి. ఇది నిజమైన రంధ్రాలను తిరిగి తేదు. కానీ మరీ నున్నటి ఉపరితలం అనే భావన పోతుంది, వేర్వేరు రకాలుగా పెంచిన భాగాలు ఒకే ఫొటోలా కలుస్తాయి.

స్క్రీన్ మీద చూసి మాత్రం తీర్పు ఇవ్వకండి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి దాదాపు 92 పిక్సెల్సే ఉంటాయి. అక్కడ 100 శాతం జూమ్ అంటే ప్రింట్‌లో రాబోయే దానికన్నా పెద్దగా చూస్తున్నట్టే. 61 శాతం దగ్గర అసలు సైజ్ కనిపిస్తుంది.

అంతకన్నా నమ్మకమైనది ప్రింట్ టెస్ట్. చెయ్యి, స్ట్రాప్, ఒక అక్షరం మూడూ ఉండేలా 1240×1754 పిక్సెల్స్ ముక్క కత్తిరించి, ఏ4 ఫొటో పేపర్ మీద అసలు సైజ్‌లో ప్రింట్ తీయించండి. పేజీకి సరిపెట్టే ఆప్షన్ ఆఫ్‌లో ఉండాలి. గోడకి అంటించి మీటర్ దూరంలో నిలబడండి. వేలి అంచు స్టిక్కర్‌లా విడిగా కనిపిస్తే పదునైన లేయర్‌ని ఇంకా తగ్గించాలి. చర్మం మీద ఇసుక చల్లినట్టుంటే గ్రెయిన్ ఎక్కువైంది. నేత చెయ్యి కంటే ముందు కంట్లో పడితే ఆ లేయర్ అపాసిటీ కొంచెం దించాలి.

నాకు మొదటి ఏ4లో గ్రెయిన్ ఎక్కువైంది, రెండో దానికి కుదిరింది. పోస్టర్ పెట్టాక బావ అసలు స్ట్రాప్ తెచ్చి దాని పక్కన పట్టుకుని చూశాడు. "ఆ, ఇది మన స్ట్రాప్," అన్నాడు.