ఎంబార్గో ఉన్న ప్రెస్ మీట్‌కి ఆహ్వానం ఎలా రాయాలి

ప్రెస్ మీట్‌కి మీడియాను పిలుస్తూ నోట్ పెట్టమని మీ బాస్ చెబితే అది పది నిమిషాల పనిలా కనిపిస్తుంది. తేదీ, టైమ్, చోటు, మాట్లాడేవాళ్ల పేర్లు రాస్తే సరిపోతుంది. ఎంబార్గో లేనప్పుడు నిజంగానే అంత పనే. ఎంబార్గో ఉన్నప్పుడు మాత్రం ఆ నోట్‌లో ఒక్క లైను తేడా వచ్చినా, వార్త ముందే బయటపడి జవాబు చెప్పుకోవలసింది మీరే అవుతారు.

ముందు మామూలు సంగతులు. మీ నోట్‌ని మొదట చూసేది పత్రిక బ్యూరోలో, చానెల్ అసైన్‌మెంట్ డెస్క్‌లో రేపటి డ్యూటీలు వేసే మనిషి. ఆ మనిషి అర నిమిషంలో తేల్చుకోవలసినవి మూడే: ఎవరిని పంపాలి, కెమెరా పంపాలా, ఆ టైమ్‌కి ఇంకేమైనా ఉందా. కాబట్టి వారం, తేదీ రెండూ రాయండి. టైమ్ పక్కన ఉదయమో సాయంత్రమో రాయండి. వేదిక అంటే బిల్డింగ్ పేరు ఒక్కటే కాదు, ఏ గేటు, ఏ అంతస్తు, లైవ్ వ్యాన్ ఎక్కడ ఆపుకోవాలో కూడా చెప్పాలి. మాట్లాడేవాళ్ల పేర్లు, హోదాలు పేపర్లో ఎలా అచ్చు కావాలో అలాగే ఇవ్వండి. తెలుగులో బైట్ ఎవరిస్తారో విడిగా రాయండి. ముగ్గురు వక్తలూ ఇంగ్లీషులోనే మాట్లాడతారని అక్కడికి వచ్చాక తెలిస్తే తెలుగు చానెల్ రిపోర్టర్ చేతికి వాడుకునేంత ముక్క దొరకదు.

ఇక ఎంబార్గో. ఇది మీరు జారీ చేసే ఆర్డర్ కాదు, ఇద్దరి మధ్య ఒప్పందం. సమాచారం ముందే ఇస్తాం, ఫలానా టైమ్ దాకా వాడొద్దని మీరు అడుగుతారు, అవతలివాళ్లు సరే అనాలి. రెండు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూప్‌లో ప్రెస్ నోట్ పడేసి పైన ‘ఎంబార్గో’ అని రాస్తే ఎవరూ ఏదీ ఒప్పుకున్నట్టు కాదు. అందులో ఒకరు వెంటనే వాడేస్తే వాళ్లను నిలదీయడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. అందుకే ఎంబార్గో ఉన్నచోట రెండు కాగితాలు ఉండాలి. ఒకటి ఎవరికైనా పంపగలిగే నోటీసు, అందులో వార్త ఉండదు. రెండోది వార్త ఉన్న ఫైలు, అది ‘షరతులకు అంగీకరిస్తున్నాం’ అని రాతలో జవాబిచ్చినవాళ్లకే వెళ్తుంది. జరిగే తప్పుల్లో చాలావరకు ఈ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చేవే.

ఒక కేసు తీసుకుందాం. మీరు హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థలో పీఆర్వో అనుకోండి. వరి పంట ఎండవేడిని తట్టుకునే తీరుపై మీ శాస్త్రవేత్తల పేపర్ అమెరికా జర్నల్ ‘సైన్స్’లో జూలై 9, గురువారం వస్తోంది. ఆ జర్నల్ ఎంబార్గో గురువారం మధ్యాహ్నం 2 గంటలకు, అమెరికా తూర్పు ప్రాంత కాలమానం ప్రకారం తొలగుతుంది. డైరెక్టర్ మాత్రం గురువారం ఉదయం 11 గంటలకు ప్రెస్ మీట్ పెట్టేద్దాం అంటున్నారు.

మొదట టైమ్ లెక్క కట్టండి. జూలైలో అక్కడ గడియారాలు గంట ముందుకు జరిపి ఉంటాయి కాబట్టి మధ్యాహ్నం 2 అంటే మనకు గురువారం రాత్రి 11.30. ఇదే పేపర్ డిసెంబరులో వస్తే మనకు అర్ధరాత్రి దాటాక 12.30 అవుతుంది, అంటే వారమూ తేదీ మారి శుక్రవారం. బ్రిటన్ జర్నల్ ‘నేచర్’ పేపర్లు సాధారణంగా బుధవారం లండన్ టైమ్ సాయంత్రం 4 గంటలకు వస్తాయి. మనకు అది ఎండాకాలంలో రాత్రి 8.30, చలికాలంలో 9.30. కిందటిసారి పంపిన నోటీసు తెరిచి తేదీ ఒక్కటే మార్చేవాళ్లు ఈ గంట దగ్గరే దెబ్బతింటారు. అమెరికాలో గడియారం మార్చేది మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. బ్రిటన్‌లో మార్చి, అక్టోబరు చివరి ఆదివారాలు. మధ్యలో ఉండే రోజుల్లో రెండు దేశాల లెక్కలూ విడివిడిగా చూసుకోవాలి.

ఇప్పుడు డైరెక్టర్‌కి చెప్పవలసింది ఇది: గురువారం ఉదయం అందరినీ పిలిచే ప్రెస్ మీట్ కుదరదు. బహిరంగ ప్రెస్ మీట్‌లో ఎంబార్గో నిలవదు. హాల్లో మైకు ఆన్ కాగానే ఎవరో ఒకరు ఫోన్‌లో లైవ్ పెడతారు, వాళ్లు ఎంబార్గో అన్న మాట విన్నవాళ్లు కూడా కాకపోవచ్చు. మిగిలిన దారులు రెండు. శుక్రవారం ఉదయం 11 గంటలకు అందరికీ ప్రెస్ మీట్ పెట్టడం మొదటిది. ఇది భద్రం, కానీ పేపర్లో శనివారం వస్తుంది, అప్పటికి వార్త విదేశీ సైట్లలో పాతబడి ఉంటుంది. గురువారం మధ్యాహ్నం 3 గంటలకు, ముందుగా ఒప్పుకున్న కొద్దిమంది రిపోర్టర్లకు మాత్రమే బ్రీఫింగ్ పెట్టి, శుక్రవారం ఉదయం అందరినీ పిలవడం రెండోది. మంచి కవరేజీ కావాలంటే రెండోదే పనికొస్తుంది. అయితే ఆ బ్రీఫింగ్ సంగతి ముందుగా జర్నల్ ప్రెస్ ఆఫీసుకు చెప్పి, వాళ్ల సమ్మతి మెయిల్‌లో తీసుకోండి. ఎంబార్గో వాళ్లది, మీరు దాన్ని పాటిస్తున్నవాళ్లు మాత్రమే.

పత్రికల ముద్రణతో ఇంకో చిక్కు వస్తుంది. రాత్రి 11.30కి ముందే కొన్ని జిల్లా ఎడిషన్లు ప్రెస్‌కి వెళ్లిపోతాయి. పాఠకుడి చేతికి వచ్చేది శుక్రవారం తెల్లవారాక కాబట్టి అచ్చు పేపర్‌తో ఇబ్బంది లేదు. ఈ-పేపర్‌తో, వెబ్‌సైట్‌తో మాత్రం ఉంది. డెస్క్ వాళ్లు రాత్రి 10 గంటలకే అదే కాపీని వెబ్‌లో పెట్టేస్తే ఎంబార్గో పోయినట్టే, పెట్టినవాళ్లకు ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. కాబట్టి షరతును మాధ్యమాల వారీగా విడదీసి రాయాలి, దానికి కూడా జర్నల్ ఒప్పుకోవాలి. ఆ షరతును రిపోర్టర్‌తో పాటు డెస్క్ మెయిల్‌కి కూడా పంపండి.

బ్రీఫింగ్‌కి పిలిచే నోటీసు ఇలా ఉంటే చాలు:

విషయం: వ్యవసాయ పరిశోధనపై మీడియా బ్రీఫింగ్ (ఎంబార్గో షరతులతో, ముందుగా అంగీకరించినవారికి మాత్రమే)
తేదీ, సమయం: గురువారం, జూలై 9, మధ్యాహ్నం 3 గంటలు
వేదిక: సంస్థ ప్రధాన భవనం, మొదటి అంతస్తు సెమినార్ హాలు, గేట్ 2 నుంచి ప్రవేశం
వక్తలు: డైరెక్టర్, ప్రధాన పరిశోధకురాలు (పేర్లు, హోదాలు). తెలుగులో బైట్ పరిశోధకురాలు ఇస్తారు.
ఎంబార్గో: గురువారం, జూలై 9, భారత కాలమానం రాత్రి 11.30కి తొలగుతుంది. అంతకుముందు టీవీ, రేడియో, వెబ్‌సైట్, ఈ-పేపర్, సోషల్ మీడియాలో దేనిలోనూ రాకూడదు. శుక్రవారం ఉదయం అచ్చు పత్రికలో వాడుకోవచ్చు.
లైవ్‌కి అనుమతి లేదు. రికార్డింగ్ చేసుకోవచ్చు.
అంగీకారం: బుధవారం సాయంత్రం 5 గంటల్లోగా మెయిల్‌లో తెలపాలి. ప్రెస్ నోట్, ఫోటోలు ఆ తర్వాతే పంపుతాం.
మార్పులు చెప్పేది: పీఆర్వో ఒక్కరే (ఫోన్ నంబరు)

ఈ నోటీసులో పరిశోధన ఫలితం ఎక్కడా లేదు చూడండి. ‘వేడిని తట్టుకునే వరి రహస్యం తేలింది’ అని సబ్జెక్ట్ లైన్‌లో రాస్తే ఎంబార్గోను మీరే ఉల్లంఘించినట్టు. అలాగని ‘ముఖ్య ప్రకటన’ అని మాత్రమే రాస్తే ఎవరూ రారు. రంగం చెప్పండి, ఫలితం చెప్పకండి. ఎంబార్గో లైనులో ‘9వ తేదీ వరకు’ అని రాయొద్దు, 9వ తేదీ అందులో ఉందో లేదో అని వాదన వస్తుంది. ‘రాత్రి 12 గంటలకు’ అన్నా ఏ తేదీ రాత్రి అని అడుగుతారు. వారం, తేదీ, గంట, నిమిషం, ‘భారత కాలమానం’ అన్న మాట, అన్నీ ఒకే వాక్యంలో ఉండాలి.

వార్త ఉన్న ఫైలులో ప్రతి పేజీ పైనా ఆ లైను ఉండాలి. ఫైలు పేరులో కూడా పెట్టండి: EMBARGO_09JULY_2330IST. ఫార్వర్డ్ అయ్యేటప్పుడు మీ మెసేజ్ ఊడిపోతుంది, ఫైలు పేరు చాలాసార్లు అలాగే వెళ్తుంది. ఫోటోలకూ వీడియోలకూ అదే పేరు పెట్టండి.

లీకు రిపోర్టర్ల దగ్గరే అవుతుందని అనుకోకండి. సొంత ఇంట్లో కూడా అవుతుంది. డైరెక్టర్ పొద్దున్నే సోషల్ మీడియాలో సంతోషం పంచుకుంటారు. వెబ్‌సైట్ చూసే కుర్రాడు 11.30కి షెడ్యూల్ చేస్తాడు, సర్వర్ టైమ్ వేరే దేశానిది అయి ఉంటుంది. పేపర్‌లో భాగమున్న మరో యూనివర్సిటీ తన నోట్ ముందే వదులుతుంది. నిధులిచ్చిన శాఖలో మంత్రి పేషీ ప్రకటన చేసేస్తుంది. మీడియాకు పంపడానికి ముందే వీళ్లందరికీ అదే ఎంబార్గో లైను పంపి, జవాబు తీసుకోండి.

అయినా ముందే వచ్చేస్తే ఏం చేయాలి? ఇది కొత్త ప్రశ్న కాదు. 1945 మే 7న జర్మనీ లొంగుబాటు సంతకాన్ని ఫ్రాన్స్‌లోని రెయిమ్స్‌లో 17 మంది విలేఖరులు చూశారు. వార్తను ఆపాలని సైన్యం షరతు పెట్టింది. జర్మన్ రేడియో ఆ సంగతి అప్పటికే చెప్పేసింది కాబట్టి ఇక ఆపడంలో అర్థం లేదని అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరి ఎడ్వర్డ్ కెనడీ వార్త పంపేశారు. మిగతా విలేఖరులు మండిపడ్డారు, ఆయన ఉద్యోగం పోయింది. సంస్థ 2012లో క్షమాపణ చెప్పింది. వార్త వేరే చోట బయటపడితే షరతు ఉంటుందా, పోతుందా అన్నది ముందే తేల్చుకోకపోతే తగువు ఇలాగే వస్తుంది. మీ నోటీసులో ఆ ఒక్క వాక్యం కలపండి: ‘వేరే చోట వార్త వచ్చినా, మేము మెయిల్‌లో చెప్పేదాకా ఎంబార్గో అమల్లో ఉంటుంది.’

గురువారం రాత్రి 8 గంటలకు ఒక సైట్‌లో వార్త కనిపించిందనుకోండి. టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ సైట్ ఎడిటర్‌కి ఫోన్ చేసి, మర్యాదగా తీసేయమని అడగండి. వెంటనే జర్నల్ ప్రెస్ ఆఫీసుకు చెప్పండి, ఎంబార్గో తొలగించాలా వద్దా అన్నది వాళ్లే తేల్చాలి. తొలగిస్తే ఒప్పుకున్నవాళ్లందరికీ ఒకే నిమిషంలో, ఒకే మెయిల్‌లో చెప్పండి. మీకు దగ్గరైన ఇద్దరికి ముందు ఫోన్ చేసి చెబితే, మాట నిలబెట్టుకున్న మిగతావాళ్లు తర్వాతిసారి మీ ఎంబార్గోకి ఒప్పుకోరు.

ఒక హెచ్చరిక కూడా. మీది షేర్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ అయితే త్రైమాసిక ఫలితాలు, విలీనాలు వంటి ధర కదిలించే సమాచారాన్ని ఎంబార్గో మీద రిపోర్టర్లకు ముందే ఇవ్వకండి. అది మొదట స్టాక్ ఎక్స్ఛేంజీకి వెళ్లాలి. బోర్డు మీటింగ్ ముగిసిన 30 నిమిషాల్లోగా ఫలితాలు అక్కడికి చేరాలని సెబీ నిబంధన. మీటింగ్ ట్రేడింగ్ వేళలు దాటాక ముగిస్తే 3 గంటల గడువు ఉంటుంది. అలాంటి ప్రెస్ మీట్ నోటీసులో ఎంబార్గో లైనుకి చోటే లేదు. ఎక్స్ఛేంజీలో ఫైలింగ్ కనిపించాకే హాలు తలుపులు తెరవండి, నోటీసు వెళ్లేముందు కంపెనీ సెక్రటరీకి ఒకసారి చూపించండి.