మైదానంలో ప్రాణం పోతే ఎలా రాయాలి?

ప్రశ్న: నేను జిల్లా క్రీడా విలేకరిని. ఆటలో ఎవరికైనా ప్రాణాపాయం జరిగితే వార్త ముందుగా పంపమని డెస్క్ తొందరపెడుతుంది. ఎంతవరకు రాయవచ్చు?

జవాబు: క్రికెటర్ ఫిలిప్ హ్యూస్ ఉదంతం చూడండి. 2014 నవంబర్ 25న సిడ్నీలో 63 పరుగుల వద్ద ఉండగా బౌన్సర్ తగిలి ఆయన కుప్పకూలారు. 27న ఆసుపత్రిలో మరణించారు. ఆ మధ్య కాలంలో విలేకరి రాయగలిగింది చాలా తక్కువ: శస్త్రచికిత్స జరిగింది, పరిస్థితి విషమంగా ఉంది. అంతే. ఆసుపత్రి బయట వినిపించిన మాటను మరణవార్తగా పంపితే, దారిలో ఉన్న బంధువులకు ఆ కబురు ఫోన్ తెర మీదే తెలుస్తుంది. హ్యూస్ మరణాన్ని జట్టు వైద్యుడు పీటర్ బ్రక్నర్ ప్రకటించారు. అలాంటి అధికారిక మాట వచ్చేదాకా ఆగండి. కుటుంబానికి తెలిసిందా అని కూడా అడగండి.

కారణం ఊహించవద్దు. చూసినవారికి అది తలకు తగిలిన దెబ్బే. కానీ బంతి తగిలింది హెల్మెట్ కింద, మెడ పక్కన. అక్కడి ధమని చిట్లి మెదడు చుట్టూ రక్తస్రావమైంది. వైద్యులు చెబితేనే తెలిసే సంగతి ఇది. అప్పటిదాకా ‘బంతి తగిలి పడిపోయారు’ అనండి, చాలు.

బౌలర్ షాన్ అబాట్ వయసు అప్పటికి 22. పేరు రాయడం తప్పు కాదు. శీర్షికలో ఆ పేరును మరణంతో ముడిపెట్టడమే అన్యాయం. 2016లో కరోనర్ విచారణ ఎవరినీ తప్పుపట్టలేదు.

ఇక ఫొటో: కుప్పకూలిన క్షణం వద్దు, నవ్వుతూ బ్యాట్ ఎత్తిన పాతది వాడండి.