ఆ 18 సెకన్ల లెక్క

రీసర్వే పుణ్యమా అని జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో కూడా రోవర్, డ్రోన్ వాడుక మాటలైపోయాయి. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన ఆ సర్వేకు డ్రోన్ ఫొటోలూ కావాలి, రోవర్ కొలతలూ కావాలి. రెండింటికీ టైము ఇచ్చేది జీపీఎస్సే. అయితే ఆ టైము మన గడియారంతో కలవదు. జమ్మలమడుగు దగ్గర పెన్నా ఒడ్డు పొలాల మీద తీసిన ఫొటో ఒకటి ఉందనుకుని, దాని వేళ తేల్చి చూద్దాం.

ఫైలులో వారం 2297, సెకను 363618 అని ఉంది. జీపీఎస్‌కు నెలలతో పనిలేదు. 1980 జనవరి 6 నుంచి వారాలను, ప్రతి ఆదివారం మొదలయ్యే అర్ధరాత్రి నుంచి సెకన్లను లెక్కపెట్టుకుంటూ పోతుంది. 2297వ వారం 2024 జనవరి 14న మొదలైంది. రోజుకు 86,400 చొప్పున నాలుగు రోజులు తీసేస్తే 18,018 సెకన్లు మిగులుతాయి. అంటే 18వ తేదీ గురువారం, 5 గంటల 18 సెకన్లు. అందులోంచి 18 తీసేస్తే యూటీసీ సరిగ్గా 5. ఐదున్నర గంటలు కలిపితే మనకు పొద్దున 10:30.

భూమి తిరుగుడు అణు గడియారమంత నిలకడగా ఉండదు. అందుకే 1972 నుంచి యూటీసీకి అప్పుడప్పుడు ఒక లీప్ సెకను కలుపుతున్నారు. 1980 తర్వాత అలా కలిసినవి 18. చివరిది 2017 జనవరి 1న, మన టైము ప్రకారం తెల్లవారి 5:29:59 తర్వాత వచ్చింది. జీపీఎస్ వీటిలో ఒక్కదాన్నీ తీసుకోలేదు. సిగ్నల్ ఎంతసేపు ప్రయాణించిందో కొలిచి రిసీవర్ దూరం కడుతుంది. ఆ సిగ్నల్ సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఉపగ్రహాలన్నీ ఒకేసారి సెకను మారిస్తే లెక్క నిలుస్తుందేమో గానీ, ఒక్కటి వెనకబడినా స్థానం గల్లంతే. రష్యా గ్లోనాస్ మాత్రం యూటీసీతోపాటే నడుస్తుంది. మన నావిక్‌ది జీపీఎస్ దారే.

మరి రిసీవర్‌కు 18 అని ఎలా తెలుస్తుంది? ఉపగ్రహమే ఆ తేడాను విడిగా పంపుతుంది. అయితే పూర్తి సందేశం ఒక చుట్టు తిరిగి రావడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. చాలాకాలం ఆపి ఉంచిన రిసీవర్ ఈలోగా యూటీసీని కొన్ని సెకన్లు తప్పుగా చూపొచ్చు. స్థానానికి మాత్రం ఢోకా లేదు.

అసలు చిక్కు ఫైళ్లు కలిపేటప్పుడు వస్తుంది. డ్రోన్ దారి జీపీఎస్ టైములో, ఫొటోల వేళ మన టైములో ఉంటే, ఫొటో వేళలోంచి ఐదున్నర గంటలు తీసి 18 సెకన్లు కలపాలి. ఈ 18 మరిచిపోతే, సెకనుకు 10 మీటర్లు ఎగిరే డ్రోన్ ఫొటో 180 మీటర్లు వెనక్కి పోతుంది. ఎగిరే వైపు నుంచి చూస్తే వెనక్కి కాబట్టి, పోయే వరస ఒకవైపుకు, తిరిగొచ్చే వరస రెండోవైపుకు జరుగుతాయి. పక్కపక్క వరసల్లో ఒకే గట్టు 360 మీటర్ల ఎడంగా కనిపిస్తే తప్పు టైముదే. వరసలన్నీ ఒకే వైపుకు జరిగితే టైమును వదిలి, బేస్ స్టేషన్‌కు ఇచ్చిన అంకెలు చూసుకోవాలి.